కీళ్ల నొప్పి బిళ్లతో కడుపులో మంట: గ్యాస్ బిళ్ల కలపడమా, బిళ్లే మార్చడమా?

కొండపి దగ్గర పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఒక పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ల రోజూ రెండు పూటలా వేసుకుంటోంది. కొన్ని వారాలకు రొమ్ము ఎముక కింద, బొడ్డుకు పైన మంట, నొప్పి మొదలయ్యాయి. "అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను కదమ్మా, ఇంకా ఎందుకు?" అని అడిగింది.

మన పొట్ట గోడ మీద ఒక జిగురు పొర ఉంటుంది. లోపలి ఆమ్లం గోడను తినేయకుండా కాపాడేది అదే. ఆ పొర ఊరడానికి, గోడకు రక్తం సరిగా అందడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి. కీళ్లలో వాపు, నొప్పి పెంచేవీ అవే. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వాటి తయారీని మోకాలిలోనూ, పొట్టలోనూ తగ్గిస్తాయి. మందు రక్తంలో కలిసి పనిచేస్తుంది కాబట్టి, అన్నం తిన్నాక వేసుకున్నా పుండు పడే ప్రమాదం పోదు. ఇంజెక్షన్‌గా తీసుకున్నా అంతే. మా వైపు చాలామంది సూదిమందు కడుపుకు మంచిదనుకుంటారు. అది నిజం కాదు.

ఇక మొదటి దారి: అదే బిళ్ల కొనసాగిస్తూ, పొట్టలో ఆమ్లం ఊరడాన్ని తగ్గించే పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ల తోడు చేసుకోవడం. దాన్ని పరగడుపున, టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. పుండు పడే అవకాశం బాగా తగ్గుతుంది. మంట పుట్టినప్పుడు తాగే తెల్లటి సిరప్ మాత్రం కాసేపు హాయినిస్తుందే గాని పుండును ఆపదు. అయితే పాంటోప్రజోల్ కాపాడేది పొట్టనే. నొప్పి బిళ్ల వల్ల కిడ్నీలకు, బీపీకి కలిగే చేటు అలాగే ఉంటుంది.

రెండోది, ఆ బిళ్ల ఆపి మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాయడం, అవసరమైతే పారాసిటమాల్ ఒక్కటే వేసుకోవడం. జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. మోకాలు, చేతివేళ్ల కీళ్లు చర్మానికి దగ్గరగా ఉంటాయి గనుక అక్కడ బాగా పనిచేస్తుంది, తుంటికి అంతగా చేయదు. పారాసిటమాల్ వాపును తగ్గించదు, నొప్పి మీద దాని బలమూ తక్కువే. పైగా పాత బిళ్లలో అది ముందే ఉంది. రెండూ కలిపి వేసుకుంటే మోతాదు పెరిగి కాలేయానికి ముప్పు.

మంట మొదలైపోయిన పెద్దమ్మకైతే రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం. పొట్ట గోడ మానడానికి కొన్ని వారాలు పాంటోప్రజోల్ కూడా అవసరమా అన్నది డాక్టరు చెప్పాలి. వాతపు కీళ్ల జబ్బు ఉండి వాపు మందు తప్పనివారికి మొదటి దారే దిక్కు, అదీ తక్కువ మోతాదులో, తక్కువ రోజులు.

మలం తారులా నల్లగా వచ్చినా, కాఫీ పొడి లాంటి వాంతి అయినా పోలికలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది లోపల రక్తం కారుతున్న గుర్తు. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.