చికెన్ సప్లయర్‌తో మూడేళ్లు: తూకం, రేటు, ఉద్దెర

హన్మకొండలో మా మెస్‌కు రోజూ 20 కిలోల స్కిన్‌లెస్ చికెన్ కావాలి. మూడేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర తీసుకుంటున్నాను. మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర వేస్తాను. అవి కూడా రెండో ఏడు నుంచే.

మొదటి ఏడాది రేటు మీదే కొట్లాడాను. నెలంతా ఒకే రేటు కావాలని పట్టుబట్టి ఒప్పించాను. శ్రావణంలో మార్కెట్ పడిపోయినా నేను పాత రేటే కట్టాను. ఎండాకాలం రేటు ఎక్కేసరికి ఆయన చిన్న ముక్కలు, మెడలు ఎక్కువ కలిపి పంపాడు. ఇప్పుడు పద్ధతి మార్చాం. ఆ రోజు పేపర్ రేటు ఎంతుంటే దానికి కిలోకు 20 రూపాయలు తక్కువ. మెడలు, లివర్ వేరే కవర్లో రావాలి. ఇక గొడవ లేదు.

అసలు నష్టం తూకంలో ఉందని ఆలస్యంగా తెలిసింది. కవర్ అడుగున నీళ్లు మడుగు కట్టి కనిపించేవి. ఒకరోజు అట్లనే తూస్తే సరిగ్గా 20 కిలోలు. చిల్లుల బుట్టలో పోసి పది నిమిషాలు ఆగి మళ్లీ తూస్తే 18.8. కిలో 220 చొప్పున ఆ నీళ్ల ఖరీదు 264 రూపాయలు!

"అక్కా, కడిగిన కోడికి నీళ్లుంటయి గదా" అన్నాడు. నిజమే, కొంత ఉంటుంది. అందుకే 20 కిలోలకు అర కిలో వరకు వదిలేస్తానని, ఆపైన బిల్లులో కోస్తానని చెప్పాను. ఆ వారమే తేడా తగ్గింది. ఇప్పుడు డెలివరీ అబ్బాయి ముందే తూస్తాం. ఆ పది నిమిషాల్లో వాసన చూస్తాను, వేలితో నొక్కి చూస్తాను. చేతికి జిగటగా తగిలితే అప్పుడే వాపస్. అతను వెళ్లిపోయాక ఫోన్ చేస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఉద్దెర సంగతి ఇంకా విచిత్రం. పదిహేను రోజులకు కడితే కిలోకు 6 రూపాయలు ఎక్కువ. ఆరే కదా అనుకున్నాను. నెలకు 600 కిలోల మీద అది 3,600. పదిహేను రోజుల బాకీ పెరిగి పెరిగి 66,000 అవుతుంది, కట్టగానే సున్నా. అంటే సగటున నేను వాడుకునేది 33,000 మాత్రమే. నూటికి పది రూపాయల వడ్డీ దాటింది! ఊళ్లో రెండు రూపాయల వడ్డీకే దొరుకుతుంటే ఇదేం పని? ఇప్పుడు ఏ రోజుది ఆ రోజే ఫోన్‌పేలో కడుతున్నాను. ఆ 6 రూపాయలు పోయాయి. అయితే నగదు కడితే సప్లయర్ మీద పట్టు కొంచెం తగ్గుతుంది. బాకీ ఉన్నప్పుడు పాడైన సరుకు డబ్బు పట్టుకోవడం తేలిక, ఇప్పుడు మరుసటి రోజు బిల్లులో అడిగి తగ్గించుకోవాల్సి వస్తోంది.

మార్కులు కోసింది ఆదివారాలకు. ఏడున్నరకు రావాల్సిన బండి తొమ్మిదైనా రాదు, రిటైల్ షాపుల దగ్గర క్యూ అట. అందుకే ఆదివారం సరుకులో సగం వేరే షాపులో కిలోకు 10 ఎక్కువ పెట్టి తెచ్చుకుంటున్నాను. ఈయనకు ఆ సంగతి తెలుసు.