మూడు మార్కుల్లో ఫస్ట్ క్లాస్ పోయింది: ఐదొందలు కట్టాలా, వెయ్యి కట్టాలా, ఊరుకోవాలా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి సింగరాయకొండ, ఉలవపాడు, కందుకూరు వైపు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఏటా ఒకటే. "సార్, 357 వచ్చింది. ఇంకో మూడు వస్తే ఫస్ట్ క్లాస్. రీచెకింగ్ కట్టమంటారా?" లెక్కలు చెప్పే పనిలో ఉన్నాను, పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకీ వెళ్తుంటాను కాబట్టి, ప్రతి ఒక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే జవాబును ఒకచోట రాస్తున్నాను.

మన ముందున్నవి రెండు ఫీజులు. రీకౌంటింగ్‌కి సబ్జెక్టుకు 500 రూపాయలు, రీవెరిఫికేషన్‌కి 1,000. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల కూడిక సరిగా ఉందా లేదా చూడటం, అంతవరకే. రీవెరిఫికేషన్‌లో కూడికతో పాటు ప్రతి జవాబుకీ మార్కు పడిందా అని చూస్తారు, దిద్దకుండా వదిలేసింది ఉంటే దిద్దుతారు, స్కాన్ చేసిన జవాబు పత్రం కూడా ఇస్తారు. ఈ రెండింటిలోనూ లేనిది రీవాల్యుయేషన్. "ఎనిమిదికి ఐదే వేశారు, ఏడు రావాల్సిన జవాబు" అనే ఫిర్యాదును అసలు పట్టించుకోరు. దిద్దినవాళ్లు పిసినారితనం చూపించారని మీ అనుమానమైతే ఆ వెయ్యి జేబులోనే ఉంచుకోండి.

ఇక అసలు విషయం. 357 చూడగానే "మూడే కదా, ఎక్కడో ఒకచోట దొరక్కపోతాయా" అనిపిస్తుంది. 330 వచ్చిన పిల్లవాడి తండ్రికి ఆ ఆశ పుట్టదు. కానీ తప్పు జరిగే అవకాశం ఇద్దరికీ సమానమే. సోషల్ పేపరు దిద్దే మనిషికి ఆ పిల్ల తెలుగులో ఎంత తెచ్చుకుందో తెలియదు, ఆమె మొత్తం 360కి ఎంత దూరంలో ఉందో తెలియదు, పేరే తెలియదు. రోజుకు నలభై పేపర్లు, ఒక్కొక్కటీ ఇరవైనాలుగు పేజీలు. అలసట వల్ల పొరపాటు జరిగితే అది ఏ పేపర్లోనైనా జరగొచ్చు. ఫస్ట్ క్లాస్ గీత కనబడేది మార్కుల మెమో చూసే మనకే, క్యాంపులో కూర్చున్న వాళ్లకు కాదు.

సబ్జెక్టు పాస్ గీత సంగతి వేరు. లెక్కల్లో 33, 34 వేసిన పేపరు దిద్దినవాళ్ల కళ్లకు కనబడుతూనే ఉంటుంది. అలాంటివాటిని చీఫ్ ఎగ్జామినర్ సాధారణంగా ఇంకోసారి తిరగేస్తారు. అంటే 33 పేపరు మీద అప్పటికే రెండు జతల కళ్లు పడ్డాయి. సోషల్లో 67 వచ్చిన పేపరును అంత పట్టిపట్టి చూసే అవసరం ఎవరికీ రాదు. అందుకే, వినడానికి తిరకాసుగా ఉన్నా, వదిలేసిన జవాబు దొరికే అవకాశం 33 కంటే 67లోనే ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకొకటి. ఇలాంటి పొరపాట్లు ఒకటీ రెండూ మార్కులుగా రావు, గంపగుత్తగా వస్తాయి. లెక్కలు, సోషల్ లాంటి వంద మార్కుల పేపర్లో ఒక మార్కువి పన్నెండు, రెండేసివి ఎనిమిది, నాలుగేసివి ఎనిమిది, ఎనిమిదేసివి ఐదు ప్రశ్నలు ఉంటాయి కదా. ఒక పెద్ద జవాబు వదిలేస్తే ఎనిమిది పోతాయి. పేజీ తిప్పడంలో వదిలేస్తే నాలుగో ఎనిమిదో పోతాయి. లోపల వేసిన మార్కు మొదటి పేజీకి ఎక్కకపోయినా అంతే. కాబట్టి గీతకు మూడు మార్కుల దూరమా, ఏడు మార్కుల దూరమా అన్నది పెద్ద తేడా కాదు. ఏదో ఒక పేపర్లో ఎనిమిది మార్కుల గుంట ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఆ గుంటను ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఆ మధ్య ఒక అమ్మాయికి తెలుగు 71, హిందీ 68, ఇంగ్లిష్ 52, లెక్కలు 44, సైన్సు 55, సోషల్ 67 వచ్చాయి. మొత్తం 357. వాళ్ల నాన్న ఆరు సబ్జెక్టులకీ రీవెరిఫికేషన్ కట్టేస్తానన్నాడు, అంటే ఆరు వేలు. ఆగమని చెప్పి, ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని సెక్షన్ల వారీగా ఎంత వస్తుందనుకుందో ఆ పిల్లనే రాయమన్నాను. తెలుగు 75, హిందీ 70, ఇంగ్లిష్ 55, లెక్కలు 47, సైన్సు 59 అని రాసింది. సోషల్‌కి మొదటి సెక్షన్లో 10, రెండో దాంట్లో 13, మూడో దాంట్లో 25, పెద్ద ప్రశ్నల్లో 31, అన్నీ కలిపి 79.

ఇప్పుడు తేడాలు చూడండి. ఐదు సబ్జెక్టుల్లో ఆ పిల్ల అంచనాకూ వచ్చినదానికీ మధ్య రెండు నుంచి నాలుగు మార్కుల తేడా ఉంది. అది ఆమె సహజమైన ఆశ. ఏ పిల్లకైనా అంత ఉంటుంది, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. సోషల్లో మాత్రం తేడా పన్నెండు. అందులో ఆమె మామూలు ఆశ నాలుగు తీసేస్తే ఎనిమిది మిగిలింది, సరిగ్గా ఒక పెద్ద ప్రశ్నంత. మిగతా ఐదూ వదిలేసి ఆ ఒక్క సబ్జెక్టుకే వెయ్యి కట్టమన్నాను.

స్కాన్ కాపీ వచ్చాక చూస్తే, పటంలో గుర్తించే ఎనిమిది మార్కుల ప్రశ్న దగ్గర ఎర్ర సిరా చుక్క లేదు. జవాబు పత్రానికి చివర దారంతో కట్టిన పటం అది. పొరపాటు ఎక్కువగా దొరికే చోటు కూడా అదే: సోషల్లో పటం, లెక్కల్లో గ్రాఫు కాగితం. అసలు పేజీలన్నీ తిప్పేసి మూసేస్తే అవి అడుగున ఉండిపోతాయి. దాన్ని దిద్దితే ఎనిమిదికి ఆరు వచ్చాయి. సోషల్ 73, మొత్తం 363.

ఇదే పద్ధతిలో ఇంకో పిల్లవాడి లెక్క చూశాం. వాడికి 358. అంచనాకీ ఫలితానికీ తేడా అన్ని సబ్జెక్టుల్లోనూ మూడు, నాలుగే. ఎక్కడా గుంట లేదు. వద్దన్నాను. వాళ్లు మనసాగక మూడు సబ్జెక్టులకు రీకౌంటింగ్ కట్టారు. పదిహేను వందలు పోయాయి, మార్కులు ఉన్నచోటే ఉన్నాయి.

మరి ఐదొందలా, వెయ్యా అంటే, రీకౌంటింగ్ కట్టడానికి నాకు కారణమే కనబడదు. కూడిక తప్పుల కోసం క్యాంపులోనే స్పెషల్ అసిస్టెంట్లు ప్రతి పేపరూ మళ్లీ కూడతారు. వాళ్లు కూడేది వేసిన మార్కులనే. వేయని మార్కు వాళ్లకూ కనబడదు, రీకౌంటింగ్‌లోనూ కనబడదు. పైన చెప్పిన అమ్మాయి ఐదొందలు కట్టి ఉంటే "మార్పు లేదు" అనే వచ్చేది. కట్టదలిస్తే ఒకే సబ్జెక్టుకు వెయ్యి కట్టండి, రెండు సబ్జెక్టులకు చెరో ఐదొందలు వద్దు. రీవెరిఫికేషన్‌కి పెట్టిన సబ్జెక్టుకు మళ్లీ రీకౌంటింగ్ అవసరం ఎలాగూ లేదు.

2025 లెక్కలు చూపించి వాదించేవాళ్లు ఉన్నారు. ఆ ఏడాది రాష్ట్రంలో సుమారు 66 వేల పేపర్లకు దరఖాస్తులు వస్తే, 11 వేలకు పైగా పేపర్లలో తేడా దొరికింది. ఆరింట ఒకటి! కానీ ఆ 66 వేల పేపర్లకు దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామంది గట్టి అనుమానం ఉండి కట్టినవాళ్లు. మొత్తం దిద్దిన పేపర్లు 45 లక్షల పైచిలుకు. గుంట కనబడని మీ పేపరుకు ఆ ఆరింట ఒకటి వర్తించదు, కనబడిన పేపరుకు అంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు.

లెక్కల్లో 33 వచ్చి ఆగిపోయినవాళ్లకు నా సలహా వేరు. రీవెరిఫికేషన్ కట్టినా కట్టకపోయినా, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి మాత్రం తప్పకుండా కట్టండి. మూడు సబ్జెక్టుల వరకు దాని ఫీజు 110 రూపాయలే. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, రీవెరిఫికేషన్ గడువు మే 1, సప్లిమెంటరీ పరీక్షలు మే 19న మొదలయ్యాయి. రెండు గడువులూ పక్కపక్కనే నడుస్తాయి. ఒకదాని ఫలితం చూసి రెండోదానికి కడదామని కూర్చుంటే ఫీజు తేదీ దాటిపోతుంది. పైగా 33 తెచ్చుకున్న పిల్లవాడు పదిహేను రోజులు కూర్చుని ఒక మార్కు, రెండు మార్కుల ప్రశ్నలు చేసుకుంటే 35 దాటడం కష్టం కాదు. నా చేతిలో 33 ఉండి వెయ్యి రూపాయలే ఉంటే, 110 పరీక్షకు, మిగతాది చదువుకు పెడతాను. గ్రాఫు వేసి, దానికి మార్కు పడలేదని పిల్లవాడు గట్టిగా చెబితే తప్ప.

ఆ ఫస్ట్ క్లాస్ దేనికి పనికొస్తుందో కూడా ఒకసారి అడగండి. పాలిటెక్నిక్ సీటు పాలిసెట్ ర్యాంకుతో వస్తుంది, దానికి పదో తరగతి పాసైతే చాలు. 360 గీతను పట్టించుకునేది ఎక్కువగా చుట్టాలే. మార్కు మార్కుకీ విలువ ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. ఒంగోలు క్యాంపస్‌తో సహా ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, ఇద్దరికి సమానంగా వస్తే ముందు లెక్కల మార్కులు చూస్తారు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకూ పదో తరగతి మార్కులే ఆధారం. ఆ రెండింటిలో దేనిమీదైనా కన్ను ఉంటే, మొత్తం 357 అయినా 561 అయినా, గుంట కనబడిన సబ్జెక్టుకు ఆలోచించకుండా కట్టండి. అక్కడ గీతంటూ ముందుగా ఎవరూ గీసి పెట్టరు.

కట్టడం బడి ద్వారానే. హెడ్మాస్టరు బడి లాగిన్‌లో దరఖాస్తు పెడతారు, స్కాన్ కాపీ కూడా ఆ లాగిన్‌కే వస్తుంది. సెలవులని బడికి తాళం వేసి ఉంటే ఫోన్ చేసి పిలవండి, ఆ వారంలో వాళ్లూ దీనికోసమే తిరుగుతుంటారు. కాపీ చేతికొచ్చాక మీరు వెతకాల్సినవి మూడే: ఎర్ర సిరా లేని పేజీ, చివర కట్టిన పటం లేదా గ్రాఫు, లోపలి మార్కుకూ మొదటి పేజీ గడిలో వేసిన మార్కుకూ తేడా. ఎనిమిదికి ఐదు ఎందుకు వేశారా అని చూస్తూ కూర్చుంటే రాత్రంతా సరిపోదు, మారేదీ ఉండదు.