ఊరు మారాలనుకునే గుంటూరు, విజయవాడ వాళ్ళు జాగ్రత్త: డబ్బు తీసుకుని నా ప్రొఫైల్‌లో లొకేషనే తప్పు పెట్టారు

నౌక్రీ, లింక్డిన్ ప్రొఫైళ్ళు డబ్బిచ్చి రాయించుకుందామని చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఇక్కడ ఉంటూ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు, డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి. నాకు 6,500 రూపాయలు పోయాయి. దానికంటే ఎక్కువగా రెండు నెలల సమయం పోయింది.

నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఆరేళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, ఎగుమతి బిల్లులు నా పని. మా ఆయనకు హైదరాబాద్ బదిలీ అయింది. పాపకు బడి సంవత్సరం అయ్యేలోపు నాకూ అక్కడ ఉద్యోగం దొరికితే అందరం కలిసి వెళ్ళిపోవచ్చనుకున్నాం. తెలిసినవాళ్ళు చెబితే విజయవాడలో ప్రొఫైళ్ళు తయారుచేసే ఒక సంస్థకు వెళ్ళాను. పేరు రాయను. హైదరాబాద్ రిక్రూటర్లకు నా ప్రొఫైల్ కనపడేలా చేసే బాధ్యత మాది అన్నారు. లాగిన్ వివరాలు అడిగితే ఇచ్చేశాను. అది నేను చేసిన మొదటి తప్పు.

వాళ్ళు చేసిందల్లా రెండు సైట్లలోనూ నేను ప్రస్తుతం ఉంటున్న ఊరును గుంటూరు నుంచి హైదరాబాద్‌కు మార్చడం. నాకు ఒక మాట కూడా చెప్పలేదు. మూడో రోజు నుంచే ఫోన్లు మొదలయ్యాయి. రెండు వారాల్లో తొమ్మిది కాల్స్ వచ్చాయి, మంచి సర్వీసే అనుకుని సంతోషపడ్డాను. ఒకావిడ మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేసి, సాయంత్రం నాలుగింటికి అమీర్‌పేట వచ్చేయండి, మేనేజర్ గారు ఉంటారు అన్నారు. నేను గుంటూరులో ఉన్నాను మేడమ్, రేపు పొద్దున పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరి వస్తాను అన్నాను. "ప్రొఫైల్‌లో హైదరాబాద్ అని పెట్టారు కదండీ, మాకు ఇక్కడ ఉన్నవాళ్ళే కావాలి" అని పెట్టేశారు. ఆ తొమ్మిదిలో ఆరు కాల్స్ ఇలాగే ముగిశాయి.

ఒక చోట మాత్రం ఫోన్ ఇంటర్వ్యూలు రెండూ బాగా జరిగాయి. చివర్లో హెచ్‌ఆర్ ఆయన అడిగారు: "ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీ గుంటూరు అంటున్నారు, ఉండేది హైదరాబాద్ అంటున్నారు, రోజూ ఎలా వెళ్తున్నారండీ?" నాకు మాట రాలేదు. ప్రొఫైల్ వేరేవాళ్ళు రాశారని చెప్పుకుంటే ఇంకా తేలికైపోతాం. ఏదో సర్దిచెప్పాను కానీ అక్కడి నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. అబద్ధం చెప్పేదాన్నని అనుకుని ఉంటారు. ఆ ఉద్యోగం పోయినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

విజయవాడ వెళ్ళి గట్టిగా అడిగితే, వాళ్ళు లొకేషన్ మళ్ళీ గుంటూరు పెట్టారు. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో, హైదరాబాద్‌కు మారడానికి సిద్ధం అన్న అర్థం వచ్చేలా ఒక ఇంగ్లిష్ వాక్యం తగిలించారు. ఇప్పుడు అంతా కరెక్ట్ మేడమ్ అన్నారు. ఆ తర్వాత ఐదు వారాలు హైదరాబాద్ నుంచి ఒక్క ఫోన్ లేదు.

ఎందుకు రాలేదో మా పిన్ని కొడుకు చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. వాడు హైదరాబాద్‌లో రిక్రూటర్. పండక్కి ఇంటికొచ్చినప్పుడు నా గోడు విని లాప్‌టాప్ తెరిచాడు. నౌక్రీలో రిక్రూటర్లు రెజ్యుమేలు వెతికే భాగాన్ని రెస్‌డెక్స్ అంటారు. అందులో ముందు ఊరేమీ పెట్టకుండా నా పేరు, ట్యాలీ, జీఎస్టీ కొట్టాడు. నా ప్రొఫైల్ వచ్చింది. లొకేషన్ దగ్గర హైదరాబాద్ పెట్టాడు, మాయమైంది. ఆ లొకేషన్ దగ్గరే, అక్కడికి మారడానికి ఇష్టపడేవాళ్ళను కూడా చేర్చాలా అని ఒక టిక్ పెట్టె ఉంటుంది. అది నొక్కినా నా ప్రొఫైల్ రాలేదు.

"అక్కా, ఈ టిక్ పెడితే ఇది నీ హెడ్‌లైన్ చదవదు. నీ ప్రొఫైల్‌లో ఇష్టమైన ఊళ్ళ గడి ఒకటి ఉంటుంది, దాన్నే చూస్తుంది" అన్నాడు. తెరిచి చూస్తే ఆ గడిలో విజయవాడ ఒక్కటే ఉంది. నేనే ఆరేళ్ళ క్రితం పెట్టుకున్నది. డబ్బు తీసుకున్నవాళ్ళు దాని జోలికే పోలేదు.

హెడ్‌లైన్‌లో రాసింది మనుషులు చదవడానికి మాత్రమే. మనం వాళ్ళకు కనపడ్డాక అది కొంచెం ఉపయోగపడుతుంది. కానీ రిక్రూటర్ ముందు ఊరితో జల్లెడ పడతాడు, ఆ జల్లెడలో హెడ్‌లైన్‌కు లెక్క లేదు. మారడానికి సిద్ధం అన్న మాటలు కొట్టి వెతికే రిక్రూటర్ ఎవరూ ఉండరని మావాడు నవ్వాడు.

అక్కడే కూర్చుని సరిచేశాం. నౌక్రీలో ప్రస్తుతం ఉన్న ఊరు గుంటూరుగానే ఉంచాం. కింద కెరీర్ వివరాల భాగంలో "Preferred work location" అని ఉంటుంది. అందులో హైదరాబాద్ చేర్చి, విజయవాడ తీసేశాం. మర్నాడు వాడు మళ్ళీ వెతికాడు. టిక్ పెట్టి వెతికితే నా ప్రొఫైల్ వచ్చింది. టిక్ తీసేస్తే పోయింది. నేను ఉన్న ఊరి విషయంలో అబద్ధం చెప్పకుండానే హైదరాబాద్ వెతుకులాటలో కనపడ్డాను.

ఆ గడిలో పది ఊళ్ళ దాకా పెట్టుకోవచ్చు కదా, అన్నీ నింపేద్దాం అన్నాను. వద్దన్నాడు. రిక్రూటర్‌కు మన పేరు పక్కనే ఆ ఊళ్ళ జాబితా కూడా కనపడుతుందట. ఢిల్లీ, పుణె, చెన్నై, కోల్‌కతా అన్నీ కలిపి ఉంటే, ఈవిడ నిజంగా మా ఊరొస్తుందా అని అనుమానం వస్తుంది, ఫోన్ చెయ్యకుండా దాటేస్తారు. నిజంగా వెళ్ళగలిగిన ఒకటి రెండు ఊళ్ళే పెట్టండి.

లింక్డిన్ సంగతి కొంచెం వేరు. అక్కడ పేరు దగ్గర ఉండే పెన్సిల్ గుర్తు నొక్కితే దేశం, నగరం అడుగుతుంది. అది మీరు ఉన్న ఊరు. ఉద్యోగాల జాబితాలో ఒక్కో ఉద్యోగం కింద కూడా లొకేషన్ ఉంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదు, అది మార్చినంత మాత్రాన పైన ఊరు మారదు. ఇక వెళ్ళాలనుకునే ఊరు చెప్పాల్సింది "Open to work" లో. అందులో ఆఫీసుకు వెళ్ళి చేసే పనికి ఒక లొకేషన్ గడి, ఇంటి నుంచి చేసే పనికి వేరే గడి ఉంటాయి. హైదరాబాద్‌ను మొదటి దాంట్లో, అంటే "Locations (on-site)" లో పెట్టాలి. నా ప్రొఫైల్‌లో ఆ విజయవాడ వాళ్ళు "Open to work" తెరిచారు కానీ, ఇంటి నుంచి పని అన్నది ఒక్కటే ఎంచి ఇండియా అని పెట్టారు. ఆఫీసు ఉద్యోగాలకు హైదరాబాద్ రావడానికి నేను సిద్ధమని అక్కడ ఎక్కడా లేదు.

లింక్డిన్‌లో రిక్రూటర్లు వాడే తెరలో లొకేషన్‌కు మూడు దారులుంటాయని మావాడు చూపించాడు. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు మాత్రమే, ఆ ఊరికి మారడానికి సిద్ధమన్నవాళ్ళు మాత్రమే, లేదా ఇద్దరూ. మారడానికి సిద్ధమన్నవాళ్ళు అంటే ఆ గడిలో ఊరు పెట్టినవాళ్ళే.

దీనికి ఒక హద్దు ఉంది, అది దాచిపెట్టి డబ్బు తీసుకునేవాళ్ళే ఎక్కువ. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు మాత్రమే కావాలని రిక్రూటర్ ఎంచుకుంటే, మనం ఏ గడి నింపినా కనపడం. వారంలో చేరాలనే ఉద్యోగాలకు చాలామంది అలాగే వెతుకుతారు. అలాంటివాటికి మనమే ఎదురెళ్ళి అప్లై చెయ్యాలి. నేను రెజ్యుమే పైన ఫోన్ నంబర్ పక్కనే, ప్రస్తుతం గుంటూరు, జూన్ నుంచి హైదరాబాద్ అని రాసుకున్నాను. నెల పేరు చూసి, ఈవిడ వచ్చేది ఖాయమని అవతలివాళ్ళకు నమ్మకం కుదురుతుంది.

మరి ప్రస్తుతం ఉన్న ఊరినే హైదరాబాద్‌గా ఎప్పుడు మార్చుకోవచ్చు? ఇల్లు అద్దెకు తీసుకుని, వెళ్ళే తేదీ ఖాయమై, రేపు ఇంటర్వ్యూకి రమ్మంటే వెళ్ళగలిగే స్థితిలో ఉన్నప్పుడు మార్చుకోండి. అంతకుముందు మారిస్తే నాకు జరిగినట్టే జరుగుతుంది.

ఇంకో సంగతి, ఇది మన రెండు ఊళ్ళవాళ్ళకే. గుంటూరు నుంచి రోజూ విజయవాడ వెళ్ళి పనిచేసేవాళ్ళు ఎంతమంది లేరు! అయినా విజయవాడ అని వెతికే రిక్రూటర్‌కు గుంటూరు అని పెట్టుకున్నవాళ్ళు కనపడాలంటే, ఇష్టమైన ఊళ్ళలో విజయవాడ కూడా ఉండాలి. అటువాళ్ళు గుంటూరు పెట్టుకోవాలి. మనకు దగ్గరే అని వెతికే యంత్రానికి తెలియదు.

"Open to work" గురించి మరో జాగ్రత్త. అందులో ఎవరికి కనపడాలని అడుగుతుంది. నాకు అందరికీ కనపడేలా పెట్టేశారు. ఫోటో చుట్టూ ఆకుపచ్చ చట్రం వచ్చింది, మా ఓనరు గారి అబ్బాయి చూశాడు. "వెళ్ళిపోతున్నారా అమ్మా?" అని ఓనరు గారు అడిగినప్పుడు తల ఎత్తలేకపోయాను. ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్ళు "Recruiters only" పెట్టుకోండి. మన కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా లింక్డిన్ జాగ్రత్త తీసుకుంటుంది కానీ, పూర్తి హామీ ఇవ్వదు.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి ఉంటే, ఈ రోజే మీ చేత్తో లాగిన్ అయి మూడు చూడండి: ప్రస్తుతం ఉన్న ఊరు నిజంగా మీరు ఉన్నదేనా, నౌక్రీలో ఇష్టమైన ఊళ్ళ గడిలో మీకు కావలసిన ఊరు ఉందా, లింక్డిన్‌లో ఆఫీసు పనికి ఉన్న లొకేషన్ గడిలో అదే ఊరు ఉందా. చూశాక పాస్‌వర్డ్ మార్చేయండి. ఇంకా కట్టనివాళ్ళు, ఈ మూడు గడుల్లో ఏం పెడతారని ముందే అడగండి. హెడ్‌లైన్ గురించి మాత్రమే మాట్లాడితే లేచి వచ్చేయండి. ఇదంతా మనం కూర్చుంటే పావుగంట పని.

సరిచేసుకుని మూడు వారాలైంది. హైదరాబాద్ నుంచి నాలుగు కాల్స్ వచ్చాయి. నాలుగింటిలోనూ మొదటి ప్రశ్న, గుంటూరు నుంచి ఎప్పుడు వస్తారండీ అనే. ఒకచోట రెండో రౌండ్ వచ్చే శుక్రవారం. డబ్బు తిరిగివ్వమని విజయవాడ వాళ్ళకు రాశాను, ఇంకా జవాబు లేదు.