ఏడు రాళ్ళ కమ్మలు కొనేవారికి హెచ్చరిక: సర్టిఫికెట్ చదివాకే డబ్బు కట్టండి

మా అమ్మాయి పెళ్ళి కోసం గత నెలలో తిరుపతిలోని ఒక నగల దుకాణంలో ఏడు రాళ్ళ వజ్రాల కమ్మలు కొన్నాను. రాళ్ళన్నీ ఈ-ఎఫ్ రంగు, వీవీఎస్ స్వచ్ఛత అని నోటిమాటగా చెప్పి, క్యారెట్‌కు 90,000 రూపాయల చొప్పున 1.40 క్యారెట్లకు 1,26,000 రూపాయలు తీసుకున్నారు. నగపెట్టె అడుగున పెట్టి ఇచ్చిన సర్టిఫికెట్ కార్డును నేను చిత్తూరు చేరాక గానీ చదవలేదు. అందులో రంగు జీ-హెచ్ అనీ, స్వచ్ఛత ఎస్ఐ అనీ ఉంది. ఆ తరగతి రాళ్ళకు వాళ్ళ రేట్ల పట్టికలోనే క్యారెట్ ధర 60,000. అంటే 84,000 రూపాయల రాళ్ళకు 42,000 ఎక్కువ ఇచ్చాను.

రంగును డి నుంచి జెడ్ వరకు అక్షరాలతో సూచిస్తారు. డి అంటే రంగు లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. పసుపు బంగారంలో పొదిగాక జీ-హెచ్ రాయికీ ఈ-ఎఫ్ రాయికీ తేడా మన కంటికి తెలియడం కష్టం, కాబట్టి చూసి కనిపెట్టవచ్చని అనుకోకండి. స్వచ్ఛత సంగతి వేరు. మాకు తెలిసిన ఆచారి గారు పదిరెట్ల భూతద్దం చేతికిచ్చి, ఒక రాయి అంచున ఉన్న చిన్న నల్లచుక్కను చూపించారు. వీవీఎస్ రాయిలోని లోపాలు ఆ అద్దంలో నిపుణులకే కష్టంగా దొరుకుతాయి. ఎస్ఐ రాయిలోవి నాకే కనబడ్డాయి.

కటింగ్ విషయంలో నేను పొరబడ్డాను. కార్డులో ‘రౌండ్ బ్రిలియంట్’ అని ఉంటే అది మంచి కటింగ్‌కు గుర్తని అనుకున్నాను, కానీ అది ఆకారం పేరు మాత్రమే. నాణ్యత తెలియాలంటే ఎక్సలెంట్, వెరీ గుడ్ వంటి గ్రేడు విడిగా ఉండాలి, అది మా కార్డులో లేదు. పైగా, పొదిగిన స్థితిలో చూడగలిగినంత మేరకే పరీక్షించామని కింద సన్న అక్షరాలలో రాసి ఉంది. వెనుక మూసి పొదిగిన కమ్మలలో రాయి అడుగుభాగం పరీక్షకుడికి కూడా కనిపించదు.

బరువు దగ్గర ఇంకొక మాట. 1.40 క్యారెట్లు రెండు కమ్మలలోని పద్నాలుగు రాళ్ళ మొత్తం బరువు, అంటే ఒక్కొక్కటి 0.10 క్యారెట్, పది సెంట్లు. 1.40 క్యారెట్లున్న ఒంటిరాయికి క్యారెట్ ధర చాలా ఎక్కువ ఉంటుంది కనుక ఆ ధరతో దీన్ని పోల్చి చౌకగా వచ్చిందని సంతోషించకండి. క్యారెట్ అంటే 0.2 గ్రాము, మా కమ్మల మొత్తం తూకంలో రాళ్ళవి 0.28 గ్రాములు. బంగారం ధర కట్టేటప్పుడు అది తీసివేశారో లేదో కూడా చూడాలి.

తిరిగి వెళ్ళి అడిగితే, సర్టిఫికెట్ మీ చేతికే ఇచ్చాము కదమ్మా అన్నారు. బిల్లులో ‘వజ్రాలు 1.40 క్యారెట్లు’ అని తప్ప రంగు, స్వచ్ఛత రాయలేదు, అందుకే నేను వాదించలేకపోయాను. మీరు డబ్బు కట్టకముందే కార్డు తీయించి, దానిలో ఉన్న రంగు, స్వచ్ఛతలనే బిల్లులో రాయించి, ఆ తరగతి ధరకే లెక్క కట్టించుకోండి.