విజయనగరమా, శ్రీకాకుళమా: ఇద్దరు బావల వాదన, ఒక యాత్రికుని తీర్పు

మా పెద్దక్కను విజయనగరంలో, చిన్నక్కను శ్రీకాకుళంలో ఇచ్చారు. తోడల్లుళ్లిద్దరూ కలిస్తే అవతలి ఊళ్లో తిండీ బాగోదనీ, రోడ్డూ కదలదనీ కోర్టులో వకీళ్లలా వాదించుకుంటారు. ఈ వేసవిలో రెండిళ్లకూ వెళ్లినప్పుడు ఆ వాదనను స్వయంగా పరిశీలించాను.

"రైలెక్కాలంటే పక్క ఊరికి పోవాలి, అదేం ఊరు తమ్ముడూ?" అని పెద్ద బావ మొదలుపెట్టారు. ఆ మాట నిజమే. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి, సామాను ఆటోలోకో బస్సులోకో ఎక్కించి పది కిలోమీటర్లకు పైగా వెళ్తే గాని ఏడు రోడ్ల కూడలి రాదు. విజయనగరం స్టేషన్ ఊళ్లోనే ఉంది. "మరి మీ సిరిమాను జాతర రోజు ఊరు దాటగలమా అన్నయ్యా?" అన్నది చిన్న బావ జవాబు. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుండి కోట వరకు ముమ్మారు తిరుగుతుంది కనుక ఆ రోజు దాటలేమన్నది వాస్తవమే, కాని ఏడాదిలో ఒక రోజు రద్దీని ఊరి లోపంగా లెక్కించడం నాకు న్యాయంగా తోచలేదు. గంటస్తంభం చుట్టూ రోజూ సాయంత్రం ఏర్పడే ఇరుకే అసలు లోపం: కోటను ఆనుకొని పెరిగిన పాత వీధుల్లోనే బజారూ, తోపుడు బండ్లూ, ఆటోలూ ఇమడాలి. శ్రీకాకుళంలో అరసవిల్లి దర్శనానికి ఆదివారం కాక మరో రోజు వెళ్తే రద్దీ బాగా తగ్గుతుంది. బస ఏ ఊళ్లోనైనా బస్టాండు వైపు కిటికీ లేని గదినే అడిగి తీసుకోవాలి. నేను దిగిన ఒక లాడ్జిలో తెల్లవార్లూ హారన్లే వినిపించాయి.

తిండి విషయంలో చిన్న బావ ఆయుధం పలాస జీడిపప్పు, పెద్ద బావ ఆయుధం భీమాళి మామిడి తాండ్ర. వీటిలో ఏదీ ఆ పట్టణాల్లో పుట్టింది కాదని ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోరు. చిన్నక్క వండిన పచ్చి జీడిపప్పు కూర వేసవిలో తప్ప దొరకదు. పచ్చి గింజను కత్తితో చీల్చి, చేతులు పొక్కించే జీడిసొన తగలకుండా పప్పు తీసి, వేడినీళ్లలో వేసి పొర ఒలవాలి. ఆ పప్పు పంటి కింద మెత్తగా, పాల రుచితో ఉంటుంది. ఎండు పప్పును నానబెట్టి వండితే ఆ రుచి రాదు. తాండ్ర అంటే మామిడి రసాన్ని చాపల మీద పరిచి, ఎండిన పొర మీద మళ్లీ రసం పోస్తూ రోజుల తరబడి ఎండబెట్టినది. కోసిన ముక్క అంచున ఆ పొరలు కనిపించాలి.

నా తీర్పు తిండిలో శ్రీకాకుళానికి, ప్రయాణ సౌకర్యంలో విజయనగరానికి. అది విని పెద్ద బావ అప్పీలు చేస్తానని, వచ్చే వేసవిలో తాండ్ర కొనడానికి నన్ను స్వయంగా భీమాళి తీసుకువెళ్తానని ప్రకటించారు.