ప్రతిక్షేపణా, పోల్-జీరో బొమ్మా: చేతి లెక్కకు ఏది మేలు?

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడితే ఇదే ప్రశ్న: డిఫరెన్స్ ఈక్వేషన్ ఇచ్చి రెండు మూడు ఫ్రీక్వెన్సీల దగ్గర మాగ్నిట్యూడ్, ఫేజ్ అడిగితే నేరుగా z స్థానంలో e^(jω) పెట్టాలా, బొమ్మ గీసి దూరాలు, కోణాలు చూడాలా? మాగ్నిట్యూడ్ వరకే అయితే ఏదైనా ఒకటే. తేడా ఫేజ్ దగ్గర వస్తుంది.

ఈ ఈక్వేషన్ తీసుకుందాం:

```
y[n] = 0.5 y[n-1] + x[n] + x[n-1]
H(z) = (1 + z^-1) / (1 - 0.5 z^-1)
```

ω = π/2 దగ్గర z^-1 అంటే -j. లవం 1 - j, హారం 1 + 0.5j. మాగ్నిట్యూడ్ √2 / √1.25, సుమారు 1.265. ఫేజ్ -45° - 26.57° = -71.57°.

ఇప్పుడు బొమ్మ. జీరో -1 దగ్గర, పోల్ 0.5 దగ్గర. అక్కడి నుంచి j కి గీసిన గీతల పొడవులు మళ్లీ √2, √1.25. జీరో గీత కోణం 45°. పోల్ గీత -0.5 + j, అంటే రెండో పాదంలో ఉంది, కోణం 116.57°. కాలిక్యులేటర్‌లో tan⁻¹(1 / -0.5) నొక్కితే మాత్రం -63.43° వస్తుంది. దాన్నే రాసుకుంటే ఫేజ్ 108.43° అవుతుంది, సరిగ్గా 180° తప్పు. ఈ పోల్‌కు 60° దాటిన ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఈ గుంట ఉంటుంది.

నేను ప్రతిక్షేపణ వైపు మొగ్గేది అందుకే. పోల్ యూనిట్ సర్కిల్ లోపల ఉంటే 1 - p z^-1 వాస్తవ భాగం ఎప్పుడూ ధనాత్మకమే, కాబట్టి కాలిక్యులేటర్ ఇచ్చే కోణం సరిగ్గానే ఉంటుంది. అయితే రెండో ఆర్డర్ హారాన్ని కారణాంకాలుగా విడగొట్టకుండా వాడితే ఆ భరోసా ఉండదు. 1 - 1.69z^-1 + 0.81z^-2 స్థిరమైనదే అయినా 45° దగ్గర దాని విలువ -0.195 + 0.385j. అలాంటప్పుడు గుర్తులు చూసి పాదం మీరే తేల్చుకోవాలి.

బొమ్మకూ దాని చోటు ఉంది: ω = 0 దగ్గర ఎత్తు, π దగ్గర సున్నా అని లెక్క లేకుండానే చెబుతుంది. గుణకాలు సౌష్ఠవంగా ఉన్న ఎఫ్ఐఆర్‌కు సగం కోణం బయటికి తీయడం చాలు. ఇంపల్స్ రెస్పాన్స్ కనుక్కుని అనంత శ్రేణి కూడటం, ఫీడ్‌బ్యాక్ ఉన్న ఈక్వేషన్‌కు చుట్టుదారి.

ఫేజ్ మీద అనుమానం ఉంటే ఈక్వేషన్‌నే అడగండి. n = 0 నుంచి 1, 0, -1, 0 అని ఇన్‌పుట్ ఇస్తూ పోతే అవుట్‌పుట్ 1, 1.5, -0.25, -1.125, 0.4375, 1.219... తొమ్మిదో విలువ 0.402. చివరికి 0.4, 1.2, -0.4, -1.2 దగ్గర కుదురుకుంటుంది. 1.265 cos(-71.57°) కూడా 0.4 యే. 108.43° నిజమైతే ఆ చోట -0.4 రావాలి.