అజిత్రోమైసిన్ సిరప్: మూడు రోజుల కోర్సా, ఐదు రోజుల కోర్సా?

పిల్లల చెవి ఇన్ఫెక్షన్‌కు డాక్టర్ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే చీటీ మీద రెండు లెక్కల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఒకటి, కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున రోజుకు ఒక్కసారి, మూడు రోజులు. రెండోది, మొదటి రోజు కిలోకు 10, తర్వాత నాలుగు రోజులు కిలోకు 5. రెండు కోర్సుల్లోనూ మొత్తం కిలోకు 30 మి.గ్రా. మందే లోపలికి పోతుంది. కాబట్టి మందు బలంలో తేడా వెతకనవసరం లేదు. ఇంట్లో తప్పు ఎక్కడ జరుగుతుందో అక్కడే తేడా.

దేవరకొండ వైపు ఊళ్లో 12 కిలోల పాప ఉందనుకుందాం. మూడు రోజుల కోర్సయితే రోజుకు 120 మి.గ్రా. 5 మి.లీ.కి 200 మి.గ్రా. ఉండే సీసా అయితే రోజుకు 3 మి.లీ., మొత్తం 9 మి.లీ. 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే సీసా అయితే రోజుకు 6 మి.లీ., మొత్తం 18 మి.లీ. రెండు రకాలూ ఎక్కువగా 15 మి.లీ. సీసాల్లోనే వస్తాయి. అంటే 100 రకం సీసా ఒకటి సరిగ్గా 10 కిలోల బిడ్డకే సరిపోతుంది. ఈ పాపకు మూడో రోజు సగం మోతాదు దగ్గరే సీసా ఖాళీ అవుతుంది. "సీసా అయిపోయింది, కోర్సు అయిపోయింది" అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో ప్రమాదం: మొదటి రోజు 100 రకం కొని, అయిపోయాక మెడికల్ షాపులో 200 రకం ఇస్తే, అలవాటుగా 6 మి.లీ. పోస్తే మోతాదు రెండింతలవుతుంది. సీసా మారితే మి.లీ. మళ్లీ లెక్కపెట్టించుకోవాలి.

ఐదు రోజుల కోర్సులో అదే 200 రకం సీసాతో మొదటి రోజు 3 మి.లీ., రెండో రోజు నుంచి 1.5 మి.లీ. పొద్దున ఒకరు, రాత్రి ఒకరు చూసుకునే ఇంట్లో ఈ మార్పు జారిపోతుంది. ఐదు రోజులూ 3 మి.లీ. పోసేస్తారు, లేదా మొదటి రోజే 1.5తో మొదలుపెడతారు. రెండోది ఎక్కువ నష్టం. కోర్సు మొత్తంలో మూడో వంతు మందు ఆ మొదటి మోతాదులోనే ఉంటుంది, తర్వాతి వాటిలో ఒక్కోటి ఆరో వంతే.

అందుకే డాక్టర్ రెండింటికీ సరే అంటే, తల్లిదండ్రులు పనికి పోయే ఇంటికి మూడు రోజుల కోర్సే మేలని నా మాట. రోజూ ఒకే కొలత. కానీ దానికీ బలహీనత ఉంది: ఒక్క రోజు తప్పితే మొత్తంలో మూడో వంతు పోయినట్టే. ఐదు రోజుల కోర్సులో చివరి రోజుల్లో ఒకటి తప్పితే అంత పోదు. ఇక స్ట్రెప్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పికి, టైఫాయిడ్‌కు లెక్కలు వేరు, ఈ అంకెలు వాటికి పెట్టకూడదు. మామూలు జలుబుకు ఈ మందే అక్కర్లేదు.

"ఈ మందు ఒంట్లో చాలా రోజులు ఉంటుందట, ఒక రోజు మానితే ఏమైతది?" అని అడుగుతుంటారు. ఉండేది నిజమే. రక్తంలో తక్కువగా ఉన్నా కణజాలంలో, తెల్ల రక్తకణాల్లో చేరి మెల్లగా దిగుతుంది. సగానికి తగ్గడానికే రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే రోజుకు ఒక్కసారి చాలు. కానీ తక్కువ మోతాదులు పడితే చాలా రోజులు ఉండేది కూడా ఆ తక్కువ మందే. సూక్ష్మక్రిమిని చంపలేని స్థాయిలో మందు నిలిస్తే, దానికి తట్టుకునే క్రిములే మిగులుతాయి. అమాక్సిసిలిన్‌లా పొద్దున, రాత్రి పోయడం కూడా వద్దు. 3 మి.లీ. రెండు పూటలా పోస్తే మూడు రోజుల మందు రోజున్నరలో అయిపోతుంది, పాపకు వాంతులు, విరేచనాలు మొదలవ్వొచ్చు.

వయసు చూసి అంచనా వేయకండి. మూడేళ్ల పిల్లల్లో ఒకరు పదిన్నర కిలోలు, ఇంకొకరు 14 కిలోలు ఉంటారు. అంగన్‌వాడీ కాటా మీద ఆ వారం తూచిన బరువే డాక్టర్‌కు చెప్పాలి. పెద్ద పిల్లలైనా మొదటి రోజు కొలత 500 మి.గ్రా. దాటదు.

పోసే ముందు సీసా బాగా ఊపాలి. మందు అడుగున పేరుకుంటుంది, ఊపకపోతే మొదటి రోజు పలచన, చివరి రోజు చిక్కన. మూతకున్న గీతల్లో 3 మి.లీ. గుర్తు సాధారణంగా ఉండదు, సూది లేని 5 మి.లీ. సిరంజితో తీయండి. గ్యాస్‌కు ఇచ్చే అల్యూమినియం, మెగ్నీషియం మందులకు దీనికి రెండు గంటల ఎడం ఉంచండి.

రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే రోజూ ఎనిమిదికే. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే ఇవ్వండి, తర్వాతి మోతాదు టైము దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. పోసిన అరగంట లోపే కక్కితే మళ్లీ అదే కొలత ఇవ్వొచ్చు, అరగంట దాటితే వద్దు. రెండోసారీ కక్కితే, ఒంటిమీద దద్దుర్లు లేస్తే, లేదా ఊపిరి కష్టమైతే మళ్లీ మందు పోయకుండా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. గుండె లయ, కాలేయం ఇబ్బంది ముందే ఉన్న పిల్లలైతే, ఆరు నెలల లోపు బిడ్డయితే ఆ సంగతి చీటీ రాసే ముందే డాక్టర్‌కు చెప్పాలి.